తెల్లారితే మారే తేదీ

అర్ధరాత్రి పన్నెండు కొట్టగానే యలమంద పలక తుడిచేవాడు. నూజివీడు అవతల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అదే అతని ఉద్యోగం. ఎన్ని డబ్బాలు నింపి మూత బిగించారో లెక్కపెట్టి పలక మీద వేయాలి. తేదీ మారగానే మూతల మీద పడే ముద్రను కూడా మార్చాలి. అక్కడి కూలీలందరికీ తెల్లారితేనే కొత్త రోజు, అతనికి మాత్రం పన్నెండింటికే. ఫ్యాక్టరీ కట్టించిన పెద్దాయన బతికున్న రోజుల్లో ఒకసారి, "ఇంగ్లీషు తేదీ కోడి కూస్తే మారదురా, పన్నెండు కొడితే మారుద్ది" అని చెప్పాడు. ఆ ఒక్కసారి చెప్పడమే యలమందకు చాలింది. ఆ తర్వాత ఎన్ని సీజన్లు గడిచినా పన్నెండు దాటాక పాత తేదీ ముద్రతో ఒక్క డబ్బా కూడా ఆ గుమ్మం దాటలేదు.

కృష్ణవేణికి ఈ సంగతి చిన్నప్పుడే తెలుసు. వాళ్ళదీ అదే వీధి. యలమంద ఆమెకు రక్తసంబంధం కాకపోయినా బాబాయే. కూలికెళ్ళే ఇంట్లో పుట్టి, బీకాం పాసై, బెజవాడలో ఆర్నెల్లు కంప్యూటర్ కోర్సు చేసొచ్చిన ఆ పిల్లను మేనేజరు ముందు నిలబెట్టింది కూడా అతనే. "మా వీధి పిల్లండి. బుర్ర పాదరసమండి. తమరు కూర్చోబెట్టి చూడండి" అని చేతులు కట్టుకుని చెప్పాడు. మేనేజరు తిరుపతిరావు నవ్వి, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు.

అది పందొమ్మిది వందల ఎనభై ఏడు, ఎండాకాలం. ఆ ఏడే ఫ్యాక్టరీకి మూతలు బిగించే కొత్త యంత్రం ఇంగ్లండు నుంచి దిగింది. దాని పక్కనే గోడకు బిగించిన లెక్కల పెట్టె ఒకటి. డబ్బా దాటిన ప్రతిసారీ దాని మీద ఎర్ర అంకె ఒకటి పెరిగేది. పావుగంటకోసారి ఆ లెక్కను తేదీతో, టైముతో సహా ఆ పెట్టె తన కడుపులోనే దాచుకునేది. పొద్దున్నే కృష్ణవేణి దాన్ని తీగ గుండా కంప్యూటర్లోకి లాగేది. మద్రాసు కంపెనీవాళ్ళు రాసిచ్చిన ప్రోగ్రాము నడిపితే ఏ తేదీన ఎన్ని డబ్బాలో కాగితం మీద అచ్చయి వచ్చేది. కాగితం మీద తేదీ, మొత్తం, అంతే. టైములన్నీ అచ్చు వేస్తే కాగితం దండగని ఆ వరస తీసేశారు.

ఇక ఆ కంప్యూటర్‌కు జరిగిన మర్యాదలు చూడాలి. ఊళ్ళో ఎవరింటా లేని ఏసీ దానికి పెట్టారు. గది బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాలి. మొదటి రోజు కొబ్బరికాయ కొట్టి, నెత్తిన పసుపు కుంకుమ పెట్టారు. కాయలు కోసే గోవిందమ్మ కిటికీ అద్దంలోంచి చూసి రెండు చేతులూ జోడించింది. ఇంత చేశాక అది అబద్ధం చెబుతుందని ఎవరికైనా ఎలా తోస్తుంది?

మొదటి గొడవ సోమవారం లెక్కతో వచ్చింది. ఫ్యాక్టరీ సోమవారం పొద్దున ఆరింటికి మొదలైతే ఆదివారం పొద్దున ఆరింటిదాకా రాత్రీ పగలూ ఆగదు. ఆదివారమంతా కడుగుడు. తిరుపతిరావు ఒక చేత్తో యలమంద పలక లెక్కలు రాసిన పుస్తకం, రెండో చేత్తో కంప్యూటర్ కాగితం పట్టుకుని చూశాడు. సోమవారానికి యలమంద వేసిన లెక్క కంప్యూటర్ కంటే బాగా తక్కువ. ఆదివారానికి బాగా ఎక్కువ. మధ్య రోజుల్లో కొంచెం అటూ ఇటూ. వారం మొత్తం కూడితే మాత్రం రెండూ ఒకటే.

"ఆదివారం సెలవు కదయ్యా యలమందా, రెండు వేల పైచిలుకు డబ్బాలు ఎవరు చేశారు?" అన్నాడాయన. ఆయన పెద్ద తోటల రైతు కుటుంబంలో పుట్టినవాడు, మర్యాదస్థుడు. కోపంగా అడగలేదు.

"శనివారం రాత్రి పన్నెండు దాటాక చేసినవండి. తేదీ ప్రకారం అది ఆదివారమే కదండి."

"అది నేనూ ఆలోచించాను. కంప్యూటర్ కూడా ఆదివారానికి లెక్క చూపిస్తోంది. కానీ రెండొందలే చూపిస్తోంది. దానికి ఆదివారం తెలియక కాదు, చూడు."

అక్కడే అందరి నోళ్ళూ మూతపడ్డాయి. ఆదివారం దగ్గర సున్నా ఉంటే ఎవరికో ఒకరికి అనుమానం వచ్చేది. రెండొందలు ఉండడంతో యంత్రం అన్నీ చూసే చెబుతోందని కృష్ణవేణికే గట్టిగా అనిపించింది.

పక్కనున్న గుమాస్తా ఒకడు, "ఆదివారం దయ్యాలొచ్చి నింపుంటాయి బాబాయ్" అన్నాడు. అందరూ నవ్వారు. యలమంద కూడా నవ్వాడు. నవ్వుతూనే పలక వంక చూసుకున్నాడు.

తర్వాతి వారం అతను మరీ జాగ్రత్త పడ్డాడు. నిద్ర వస్తుందేమోనని మెడకు తడి తువ్వాలు చుట్టుకున్నాడు. లెక్క తప్పకుండా చింతగింజలు పక్కన పోసుకున్నాడు. మళ్ళీ అదే తేడా వచ్చింది. ఆ పై వారమూ అంతే. ఇంతలో మద్రాసు రేవులో ఒక లారీ సరుకు ఆపేశారు. కంప్యూటర్ నుంచి వెళ్ళిన కాగితాల్లో ఒక్కో తేదీకి ఇన్ని డబ్బాలని ఉంది. మూతల మీద తేదీ ముద్రలు లెక్కపెడితే వేరేగా ఉన్నాయి. ముద్ర వేసేదీ యలమందే, పలక రాసేదీ యలమందే. అంచేత ఆ రెండూ కలిశాయి. కంప్యూటరుతోనే కలవలేదు.

దొంగతనం అనడానికి వీల్లేదు, మొత్తం సరిపోతోంది కదా. డబ్బాలు ఎటూ పోలేదు, రోజులే అటూ ఇటూ అయ్యాయి. సోమవారం సరుకు తీసుకెళ్ళి ఆదివారంలో వేసేవాడిని దొంగ అనరు, మతి తప్పిందంటారు. ఆ మాట అతని ముఖం మీద ఎవరూ అనలేదు. అనకపోవడం ఇంకా బాధగా ఉంది.

ఒక పొద్దున్న షిఫ్టు దిగి, చెప్పులు విడిచి, ఎప్పుడూ అడుగు పెట్టని ఏసీ గది గుమ్మంలో నిలబడ్డాడు యలమంద. చలికి చేతులు ముడుచుకున్నాడు.

"అమ్మాయ్, నువ్వు చదువుకున్నదానివి. నిజం చెప్పు. అది తప్పు చెబుద్దా?"

కృష్ణవేణికి అతన్ని చూస్తే జాలేసింది. కానీ ఆమె బెజవాడలో నేర్చుకున్న మొదటి పాఠం ఒకటుంది. మనిషి పొరబడతాడు, మిషను పొరబడదు. దాన్ని పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకుంది.

"మిషన్ తప్పు చెప్పదు బాబాయ్" అంది మెల్లగా.

"అంతేలే" అన్నాడతను. "నాకూ అట్టాగే అనిపించింది."

ఆ "అంతేలే" వెనక ఏముందో కృష్ణవేణికి తెలుసు. తెలిసి కూడా ఆ రోజు ఆలోచించలేదు. యలమంద తండ్రి పోతురాజు ముసలితనంలో మతి తప్పాడు. మొదట వారాలు తప్పాయి, తర్వాత మనుషులు. మంగళవారాన్ని ఆదివారమనుకుని సంతకెళ్ళొచ్చేవాడు, ఇంట్లో నవ్వుకునేవాళ్ళు. ఒక మధ్యాహ్నం ఆ ముసలాయన మనవణ్ణి, యలమంద నాలుగేళ్ళ కొడుకును, భుజాన వేసుకుని తోటకు వెళ్ళి, ఒక్కడే తిరిగొచ్చాడు. పిల్లాడేడి నాన్నా అని అడిగితే, "ఏ పిల్లోడు?" అన్నాడు. సాయంత్రానికి పిల్లాడు తోట బావిలో శవమై దొరికాడు. తర్వాత పోతురాజు ఇంకా మూడేళ్ళు బతికాడు, ఏమీ గుర్తులేకుండా సుఖంగానే. గుర్తంతా యలమందకూ, అతని భార్య రమణమ్మకూ మిగిలింది.

ఆ తర్వాత పుట్టిన నాగమణి ఒక్కతే వాళ్ళకు. పెంచి, మైలవరం పక్కన ఆంజనేయులికిచ్చి చేశారు. అది కాన్పులో పోయింది. పసిగుడ్డు ఉమను రమణమ్మ ఒళ్ళో పెట్టి ఆంజనేయులు వెళ్ళిపోయాడు. ఆ రెండున్నరేళ్ళ ఉమే ఇప్పుడు ఆ ఇంటికి దీపం. యలమంద పగలు నిద్రపోయేది కూడా దాని ఉయ్యాల పక్కనే. అది లేచి ముక్కు పట్టి లాగితే లేచేవాడు. వీధిలో ఎక్కడికెళ్ళినా అది అతని మెడ మీదే ఉండేది, రెండు చేతులతో అతని చెవులు పట్టుకుని.

జూన్ నెలలో తిరుపతిరావు యలమందను పిలిచి, కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. అలా కూర్చోమన్నప్పుడే అతనికి అర్థమైంది.

"ఇన్నేళ్ళు నిద్రలు చెడగొట్టుకున్నావు. ఇక విశ్రాంతి తీసుకో. జీతం ఈ సీజనంతా ఇస్తాను. మనసులో ఏం పెట్టుకోకు."

"తమరి దయండి" అన్నాడు యలమంద. అతను వాదించి ఉంటే బాగుండేది. కేకలేసి ఉంటే ఎవరైనా ఇంకోసారి చూసేవాళ్ళేమో. ఆ పూట నుంచి పలక ఎత్తేశారు. ఇక కంప్యూటర్ ఒక్కటే లెక్క. కాగితంతో కలవడం లేదని ముద్ర మార్చడం కూడా పొద్దున షిఫ్టు వాళ్ళకు అప్పగించారు. చిత్రంగా, ముద్రలూ కాగితాలూ దగ్గర దగ్గరగా కలవసాగాయి. చూశారా, ముసలాయన పొరపాటే అని అందరికీ రుజువైపోయింది.

యలమందకు ఇంట్లో ఇంకా ఎక్కువ రుజువులు దొరికాయి. బీడీకట్ట ఎక్కడ పెట్టాడో మర్చిపోయాడు. ఎవరు మర్చిపోరు? పాలవాడికి డబ్బులిచ్చానా అని రెండుసార్లు అడిగాడు. ఇదివరకైతే రమణమ్మ విసుక్కునేది, అతను నవ్వేవాడు. ఇప్పుడు ప్రతి మరుపు దగ్గరా ఆగి, తండ్రి ముఖం గుర్తు తెచ్చుకునేవాడు. ఉమను మెడ మీద ఎక్కించుకోవడం మానేశాడు. అది చేతులు చాచి ఏడిస్తే రమణమ్మను పిలిచేవాడు.

ఒకరోజు కాలవ గట్టున ఉమను దింపి, ముఖం కడుక్కుని, నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగి చూశాడు. పిల్ల అక్కడే ఉంది, ఇసకలో ఆడుకుంటోంది. అంతే జరిగింది. నాలుగడుగులే. కానీ ఆ వారంలోనే ఉమను తీసుకెళ్ళమని మైలవరానికి, ఆంజనేయులికి కబురు పంపాడు.

రమణమ్మ ఎంత ఏడ్చిందో కృష్ణవేణి కళ్ళారా చూసింది. "నీకేం అవలేదు, నీ మొహం, నువ్వు బాగానే ఉన్నావు" అని మొగుణ్ణి తిట్టింది. చివరికి కృష్ణవేణి చేతులు పట్టుకుంది.

"నువ్వన్నా చెప్పమ్మా. నీ మాట వింటాడు."

"నేనేం చెప్పను పిన్నీ" అంది కృష్ణవేణి. ఏం చెబుతుంది? చెప్పాల్సిన మాట ఆ రోజు గుమ్మంలోనే చెప్పేసింది.

ఆంజనేయులు మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, రెండో భార్యకింకా పిల్లల్లేరు. ఇద్దరూ వచ్చి పిల్లను తీసుకెళ్ళారు. బస్సు కిటికీలోంచి ఉమ "తాతా, తాతా" అని పిలుస్తుంటే యలమంద బస్సు వెంట పరిగెత్తలేదు. స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాడు. "పెద్దయ్యాక నన్నే తిట్టుకోనియ్, ప్రాణంతో ఉంటది కదా" అని రమణమ్మతో అన్నాడు. తర్వాత మైలవరం వెళ్ళి చూసొద్దామని రమణమ్మ ఎన్నిసార్లు అడిగినా కదల్లేదు. చూస్తే తెచ్చేసుకుంటానని అతనికి భయం.

జూలైతో కాయ అయిపోయింది. ఫ్యాక్టరీ మూతపడింది. వానలొచ్చాయి, చలి వచ్చింది, తోటలు పూతకొచ్చాయి. మళ్ళీ ఎండలు ముదిరాయి.

ఎనభై ఎనిమిది మే నెలలో ఒక సరుకు పొద్దున్నే హనుమాన్ జంక్షన్ మీదుగా మద్రాసు వెళ్ళాల్సి వచ్చింది. కాగితాలు తయారుచేయమని తిరుపతిరావు కబురు పెడితే, కృష్ణవేణి ఎప్పుడూ లేనిది చీకటితోనే బయల్దేరి ఫ్యాక్టరీకొచ్చింది. రాత్రి షిఫ్టు ఇంకా దిగలేదు. కలెక్టరు రకం మామిడికాయల గుజ్జు వాసన, టెంకల పులిసిన వాసన, ఆవిరి. తూర్పున అప్పుడప్పుడే ఎర్రబడుతోంది. లెక్కల పెట్టె ముందు నిలబడి, ఎర్ర అంకె ఎంతుందో చూసుకుని రాసుకోబోయింది.

అంకె సున్నా అయింది.

డబ్బాలు ఆగలేదు. ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. సున్నా ఒకటయింది, రెండయింది. ఆమె గోడ గడియారం వంక చూసింది. అయిదున్నర.

"గోవిందమ్మత్తా, దీన్ని ఎవరు నొక్కారు?"

గోవిందమ్మ తలగుడ్డ సర్దుకుంటూ, "ఎవరు నొక్కుతారే? రోజూ ఈ వేళకి దానంతటదే సున్నా అవుద్ది" అంది.

"రోజూనా? ఎందుకు?"

"ఎందుకంటావేంటి? తెల్లారింది కదటే. కొత్త రోజు రాలా?"

ఆ మాటలో గోవిందమ్మకు వింతేమీ కనబడలేదు. ఆ షెడ్డులో ఎవరికీ కనబడలేదు. రెండు సీజన్ల నుంచి వాళ్ళందరూ ఆ సున్నాను చూస్తూనే ఉన్నారు. తెల్లారితే రోజు మారుతుంది, యంత్రమైనా అంతే, అనుకున్నారు. ఏసీ గదిలో కూర్చునేవాళ్ళు ఆ వేళకు నిద్రలో ఉంటారు. ఇంగ్లీషు తేదీ తెల్లారితే మారదని ఆ షెడ్డులో తెలిసింది ఒకే ఒక్క మనిషికి. అతనేమో ఇంట్లో కూర్చుని తన మతిని కాపలా కాసుకుంటున్నాడు.

కృష్ణవేణి చెప్పులు విడవకుండానే గదిలోకి పరిగెత్తింది. పెట్టె దాచిన లెక్కను లాగి, ఇన్నాళ్ళూ ఎవరూ అచ్చు వేయని టైముల వరసతో సహా అచ్చు వేసింది. ఇప్పుడే జరిగిన అయిదున్నర దగ్గర పెట్టె సున్నా గంటలని రాసుకుంది. ఆ ముందున్న అయిదుంపావు దగ్గర, ముందురోజు తేదీతో, ఇరవై మూడు గంటల నలభై అయిదు నిమిషాలని రాసుకుంది. ఏ వరస చూసినా మన గడియారానికి అయిదున్నర గంటలు వెనక. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము దాకా చేసిన ప్రతి డబ్బా ముందురోజు పద్దులో పడిపోయింది. శనివారం రాత్రి పన్నెండు దాటాక చేసినవన్నీ శనివారానివే అయ్యాయి. ఆదివారానికి మిగిలింది చివరి అరగంట. ఆ రెండొందలు ఎక్కడివో ఇప్పుడు తెలిసింది. ఆదివారం అర్ధరాత్రి దాటాక యంత్రం నడవదు కనుక సోమవారం నుంచి ముందురోజుకు పోయేదేమీ లేదు, తర్వాతి తెల్లవారుజాముది వచ్చి కలిసేది. అందుకే సోమవారం లావెక్కింది.

ఆమెకు ఏడుపు రాలేదు. నేరుగా ఫోను దగ్గరికి వెళ్ళింది.

మద్రాసుకు ట్రంకు కాల్ బుక్ చేస్తే మధ్యాహ్నానికి లైను దొరికింది. అవతల ప్రోగ్రాము రాసిన డేవిడ్ రాజు. ఆమె చెప్పింది విని తేలిగ్గా నవ్వాడు.

"ఓ, అదా! ఆ పెట్టెలన్నీ గ్రీనిచ్ టైములోనే, అంటే ఇంగ్లండు టైములోనే ఉంటాయండి. ఏ దేశానికి పంపినా అంతే. రిపోర్టు తీసేటప్పుడు మన అయిదున్నర గంటలు కలపాలి. కలపలేదా మేము? ఒక్క లైను అండి, చిన్న విషయం. ఫ్లాపీ పంపిస్తాను."

"చిన్న విషయమా అండి?"

"అవునండి, మొత్తం లెక్కేం మారదు కదా."

కృష్ణవేణి ఫోను పెట్టేసింది. ఆ మనిషిని తిట్టాలనుంది, ఏమని తిట్టాలో తెలియలేదు. అతను చెప్పింది నిజమే. మొత్తం ఏమీ మారలేదు.

తిరుపతిరావు కాగితాలు రెండుసార్లు చూసి, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. లేచి, ఆమెను స్కూటరు వెనక ఎక్కించుకుని యలమంద ఇంటికి తీసుకెళ్ళాడు. ఆయన ఆ వీధిలోకి రావడం అదే మొదటిసారి. రమణమ్మ కంగారుగా నులకమంచం దులిపి వాల్చింది. ఆయన కూర్చోలేదు.

కృష్ణవేణి నేల మీద బొగ్గుముక్కతో గీసి చెప్పింది. ఇక్కడ మన అర్ధరాత్రి, ఇక్కడ వాళ్ళ అర్ధరాత్రి, మధ్యలో ఇంత. యలమంద వంగి చూశాడు. అతనికి ఎక్కువ చెప్పాల్సిన పని లేకపోయింది.

"ఆ సున్నా నేనూ చూశానమ్మా" అన్నాడు. "రోజూ చూశా. తెల్లారింది కదా, పొద్దున షిఫ్టు కోసం కాబోలనుకున్నా."

"తప్పు మాది యలమందా" అన్నాడు తిరుపతిరావు. "నీ పలక ఒక్కటే సరిగ్గా ఉంది. రేపట్నించి వచ్చేయ్. నీ చోటు నీదే."

"అట్టాగేనండి" అన్నాడు యలమంద. అతని చూపు ఆయన మీద లేదు. గోడకున్న మేకు మీద ఉంది. ఒకప్పుడు ఉయ్యాల తాడు కట్టిన మేకు అది. ఉన్నట్టుండి లేచి, "రమణా, మైలవరం బస్సు ఎన్నింటికే?" అన్నాడు.

ఏడాది తర్వాత ఆ ముఖంలో వెలుగు చూసి రమణమ్మ పమిట నోట్లో కుక్కుకుంది. తెల్లారి కృష్ణవేణితో కలిసి ముగ్గురూ బయల్దేరారు. యలమంద ఉతికిన పంచె కట్టాడు. తువ్వాలు నిండా చిన్నరసాలు మూటకట్టాడు. ఉమకు రసం పిండి నోట్లో పోస్తే మోచేతుల దాకా కార్చుకునేదని, దానికి ముందు టెంక చేతికివ్వాలని, లేకపోతే ఊరుకోదని దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు. ఒక్క సంగతి కూడా మర్చిపోలేదు. కృష్ణవేణి కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఆంజనేయులు ఇంటి ముందు వేపచెట్టు నీడలో ఒక పిల్ల మట్టితో పిడతలు చేస్తోంది. పొడుగైంది. రెండు జడలు వేశారు, రిబ్బన్లు కట్టారు. యలమంద గుమ్మం ముందు ఆగి, ఎప్పటిలాగే మోకాళ్ళ మీద కూర్చుని చెవులు రెండూ ముందుకు వంచాడు.

పిల్ల తలెత్తి చూసింది. అతన్ని పై నుంచి కింది దాకా చూసి, లేచి లోపలికి పరిగెత్తింది. ఆంజనేయులు భార్య బసవమ్మ బయటికొస్తే ఆమె చీర కుచ్చిళ్ళ చాటున దాక్కుంది.

"అమ్మా, ఎవరీ తాత?"

"మీ తాతేనే పిచ్చిదానా. నూజివీడు తాత. పో, పో, ఎత్తుకుంటాడు" అంది బసవమ్మ. ఆమె చెడ్డది కాదు. పిల్లకు మంచి గౌను వేసింది, తలకు నూనె రాసింది, చూస్తే తెలుస్తూనే ఉంది. ఆమె చెయ్యి మాత్రం తెలియకుండానే పిల్ల తల మీద గట్టిగా ఆనింది.

ఆంజనేయులు చేలోంచి వచ్చి, మామ కాళ్ళకు దణ్ణం పెట్టి, అంతా విన్నాడు. "మీ బిడ్డే మావయ్యా. మీరు తీసుకెళ్తానంటే నేను కాదనను. వస్తే తీసుకెళ్ళండి" అన్నాడు. బసవమ్మ ఒక్కసారిగా లోపలికి వెళ్ళిపోయింది. పిల్ల "అమ్మా" అంటూ ఆమె వెంటే పరిగెత్తింది.

యలమంద తువ్వాలు విప్పి, పండ్లు అరుగు మీద పేర్చాడు. కాసేపటికి ఉమ తలుపు చాటు నుంచి వచ్చి, దూరంగానే చెయ్యి చాచి, ఒక పండు తీసుకుని మళ్ళీ లోపలికి పోయింది. రమణమ్మ లేవబోతే అతను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"వద్దు. ఏడిపించి తీసుకెళ్ళొద్దు. ఒకసారి అమ్మ పోయింది దానికి. ఇంకోసారి మనం తీసెయ్యొద్దు."

రమణమ్మ గొంతెత్తి ఏడ్చింది. అతను ఏడవలేదు. ఆంజనేయులు ఇచ్చిన మజ్జిగ తాగి, అప్పుడప్పుడూ వచ్చి పోతామని చెప్పి లేచాడు.

తిరుగు బస్సులో జనం పల్చగా ఉన్నారు. రమణమ్మ ఏడ్చి ఏడ్చి ముందు సీటు కడ్డీ మీద తలపెట్టి నిద్రపోయింది. కిటికీ అవతల తోటలు, కోతకు వచ్చిన కాయలు, కింద పరిచిన గడ్డి. యలమంద ఖాళీ తువ్వాలును మడతపెట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"బాబాయ్" అంది కృష్ణవేణి. "ఆ రోజు నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది."

"నువ్వు తెలిసి అన్నావా ఏంటి? ఊరుకో."

కొంత దూరం పోయాక అతనే అడిగాడు.

"ఒక్క సంగతి చెప్పమ్మా. అయితే నేను ఒక్కరోజు కూడా మర్చిపోలేదన్నమాట."

"లేదు బాబాయ్. ఒక్కరోజు కూడా."

"నా బుర్ర బాగానే ఉందన్నమాట."

"బాగానే ఉంది బాబాయ్. ఎప్పుడూ బాగానే ఉంది."

అతను తల ఊపాడు. మడతపెట్టిన తువ్వాలును విప్పి మళ్ళీ మడతపెట్టాడు.

"ఇన్నాళ్ళూ ఏమనుకున్నానంటే... మతి లేనోడు చేసిన పని కదా, ఏం చేస్తాం, మా నాన్నని తిట్టామా, అట్టాగే నన్నూ ఎవరూ తిట్టకూడదు అనుకున్నా. రాత్రిళ్ళు అదొక్కటే నాకు ఊరట." అతను నిద్రపోతున్న రమణమ్మ వైపు చూశాడు. "అయితే ఆ పిల్లని బస్సు ఎక్కించి పంపేటప్పుడు కూడా నా బుర్ర బాగానే ఉందన్నమాట."

కండక్టరు వచ్చి టికెట్లు అడిగాడు. యలమంద జేబులోంచి మూడు టికెట్లూ తీసి చూపించి, మళ్ళీ జాగ్రత్తగా అదే జేబులో పెట్టుకున్నాడు.